ఎవరూ ఏమీ అనలేదు, అయినా ఎందుకింత అలసట? మైనారిటీ స్ట్రెస్ గురించి

ప్రశ్న: మేడం, నా వయసు 26. మాది పుత్తూరు దగ్గర పల్లె, ఇప్పుడు తిరుపతిలో ఉద్యోగం. నేను గే. ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఎవరికీ తెలియదు. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. నాకు జరిగిన అన్యాయం అంటూ చెప్పుకోవడానికి ఏమీ లేదు. అయినా రెండేళ్ళుగా నిద్ర సరిగా లేదు, సాయంత్రానికి ఒళ్ళు పిండేసినట్టు ఉంటుంది, దేని మీదా మనసు పోదు. లోకం చిన్నచూపు చూసే గుంపులో ఉండటం వల్ల వచ్చే ఒత్తిడిని 'మైనారిటీ స్ట్రెస్' అంటారని ఒకచోట చదివాను. ఏమీ జరగని వాడికి కూడా అది వస్తుందా? లేక మాలాంటి వాళ్ళ మనసే పుట్టుకతో బలహీనమా?

సమాధానం:

తమ్ముడూ, మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. నిద్ర పట్టని రాత్రుల్లో మిమ్మల్ని తొలిచేది అదే అయి ఉంటుంది.

కాదు, మీ మనసు పుట్టుకతో బలహీనం కాదు. ఇది మీ ధైర్యం కోసం చెప్తున్న మాట కాదు, దీనికి రుజువు ఉంది. అమెరికాలో 2004-05 ఎన్నికల్లో కొన్ని రాష్ట్రాలు ఒకే లింగం వాళ్ళు పెళ్ళి చేసుకోకుండా తమ రాజ్యాంగాలను సవరించుకున్నాయి. అంతకుముందే, 2001-02లో, దేశమంతటా వేలమందిని కూర్చోబెట్టి మానసిక ఆరోగ్యం గురించి వివరంగా అడిగి రాసుకున్న సర్వే ఒకటి ఉంది. 2004-05లో అదే మనుషుల్ని మళ్ళీ అడిగారు. మార్క్ హాట్‌జెన్‌బ్యూలర్ అనే పరిశోధకుడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి 2010లో ప్రచురించాడు. నిషేధం వచ్చిన రాష్ట్రాల్లోని గే, లెస్బియన్, బైసెక్సువల్ మనుషుల్లో డిప్రెషన్ లాంటి మూడ్ జబ్బులు 36.6 శాతం పెరిగాయి. నిషేధం రాని రాష్ట్రాల్లోని అలాంటి వాళ్ళలో ఆ పెరుగుదల లేదు. నిషేధం వచ్చిన రాష్ట్రాల్లోనే ఉన్న మిగతా జనంలోనూ ఆ స్థాయిలో కనిపించలేదు. మనుషులు వాళ్ళే, పుట్టుక అదే. మారిందల్లా చుట్టూ ఉన్న గాలి. లోపం పుట్టుకలో ఉంటే ఎన్నికల ఫలితాలతో పాటు అది పెరగడానికి వీల్లేదు.

ఆ సర్వేలో ఉన్నవాళ్ళలో చాలామందిని కూడా ఎవరూ కొట్టి ఉండరు, తిట్టి ఉండరు. కాబట్టి మీ మొదటి ప్రశ్నకూ జవాబు అందులోనే ఉంది. వస్తుంది. కానీ ఎలా వస్తుందో తెలియకపోతే ఆ జవాబు మీకు ఉపయోగపడదు. అందుకే ఒకరి కథ కాస్త వివరంగా చెప్తాను. ఊరు, ఉద్యోగం, మరికొన్ని గుర్తులు మార్చాను. ఆమెను లలిత అందాం.

లలితకు 29 ఏళ్ళు. పలమనేరు పక్కన సొంతూరు, తిరుపతిలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్. కొర్లగుంటలో పైపోర్షన్ అద్దెకు తీసుకుని నాలుగేళ్ళుగా ఇంకో అమ్మాయితో ఉంటోంది. ఇద్దరూ ప్రేమించుకుంటున్నారు, లోకానికి మాత్రం రూమ్మేట్లు. నా దగ్గరికి వచ్చింది సెప్టెంబరులో, అదీ దవడ నొప్పితో. రాత్రుళ్ళు పళ్ళు బిగపట్టి పడుకుంటోందని డెంటిస్టు చెప్పి పంపించాడు. అప్పటికే కడుపుమంటకు ఎండోస్కోపీ అయింది, థైరాయిడ్ చూపించుకుంది, బి12 చూపించుకుంది, అన్నీ నార్మల్. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్ళీ నిద్ర లేదు. డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చాను. 27కి 16 వచ్చింది. 15 దాటిందంటే తీసిపారేసేది కాదు.

"నాకేం కష్టం లేదు మేడం. మంచి జీతం, తను ఉంది. ఎందుకొచ్చిందో అర్థం కాలేదు" అంది. మీరు రాసిన మాటే.

నేను ఆమెకు ఒక చిన్న పని ఇచ్చాను. ఒక వారం పాటు చేతిలో చిన్న పుస్తకం పెట్టుకోమన్నాను. నోటిదాకా వచ్చిన మాటను మార్చుకున్న ప్రతిసారీ ఒక గీత. ఎవరు చూస్తున్నారోనని తల తిప్పి చూసిన ప్రతిసారీ ఒక గీత. ఫోన్ స్క్రీన్ బోర్లించిన ప్రతిసారీ ఒక గీత. కారణాలు రాయొద్దు, గీత, చోటు, అంతే. "రోజుకు నాలుగైదు ఉంటాయేమో" అని నవ్వి తీసుకెళ్ళింది.

వారానికి 179 గీతలు. ఆదివారం 9, శనివారం 33, మిగిలిన రోజులు 24 నుంచి 31 దాకా. ఆ పుస్తకం నా బల్ల మీద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

ఎక్కడెక్కడ అని లెక్క వేశాం. ఇంటి ఓనరమ్మతో మెట్ల మీద, వీధిలో 34. రాత్రి ఎనిమిదింటికి అమ్మతో ఫోన్లో 41. అక్కడా ఇక్కడా 16. మిగిలిన 88 ల్యాబులోనే, అందులో ఎక్కువ భాగం మధ్యాహ్నం క్యారియర్లు విప్పే అరగంటలో. ఆమె భయమంతా వాళ్ళ నాయన గురించి, గీతలన్నీ పచ్చడి పంచుకునే చోట పడ్డాయి.

అక్కడ ఏం జరుగుతోందో ఆమె చెప్పినప్పుడు నాకు మన భాష గురించి అంతవరకు తట్టని విషయం తట్టింది. పెళ్ళి గురించి అడగకుండా ఉండాలని లలిత ఎప్పుడో "దుబాయ్‌లో మా బంధువులబ్బాయి ఉన్నాడు, అనుకుంటున్నారు" అని ఒక అబద్ధం చెప్పింది. ఆ రోజు నుంచి ఇంట్లో జరిగే ఏ ముచ్చట చెప్పాలన్నా చిక్కే. తెలుగులో వాక్యం క్రియ దగ్గర ఆగాలి, ఆ క్రియ తోక మగో ఆడో చెప్పేస్తుంది. "నిన్న ఫోన్ చేసి నవ్వించింది" అనబోయి "నవ్వించాడు" అనాలి. "జ్వరం వచ్చింది, మందు వేసుకోలేదు" అనొచ్చు, "అలిగింది" అనకూడదు. తప్పించుకోవడానికి లలిత బహువచనంలో దాక్కుంది. "అన్నారు, వచ్చారు, తిన్నారు" అనేది. ఒకరోజు పక్కనున్న అమ్మాయి, "పెళ్ళి కాకముందే మీ ఆయన్ని ఇంత మర్యాదగా అంటున్నావే!" అని ఆట పట్టించింది. అందరూ నవ్వారు. అందులో చెడు ఉద్దేశం ఏమీ లేదు. లలిత కూడా నవ్వి, బాత్రూముకెళ్ళి చేతులు వణకడం తగ్గేదాకా నిలబడింది.

ఇలా మాట్లాడటం ఎంత పనో ఆలోచించండి. ఒక మాట అనేలోపు మూడు పనులు జరుగుతున్నాయి. నిజంగా జరిగింది గుర్తు తెచ్చుకోవాలి, దానికి మారు వాక్యం తయారు చేయాలి, నిన్నటి అబద్ధంతో అది పొసుగుతుందో లేదో సరిచూసుకోవాలి. ఇదంతా నవ్వు చెదరకుండా. పక్కవాళ్ళకు అది విశ్రాంతి సమయం, ఆమెకు డ్యూటీలోకెల్లా కష్టమైన డ్యూటీ. సాయంత్రానికి ఒళ్ళు పిండేసినట్టు ఉంటుందన్నారే, అది ఇక్కడిది.

ఇప్పుడు మైనారిటీ స్ట్రెస్ అనే సిద్ధాంతం గురించి. ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 1995లో న్యూయార్క్‌కు చెందిన 741 మంది గే పురుషుల మీద ఒక అధ్యయనం ప్రచురించాడు. ఈ ఒత్తిడి ఎక్కువగా ఉన్నవాళ్ళలో తీవ్రమైన మానసిక బాధ ఉండే అవకాశం మిగతావాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఎక్కువని తేలింది. 2003లో ఆయన దీన్ని ఇంకా విడమరిచి చెప్పాడు. అందులో మీకు పనికొచ్చేది ఇదీ. ఒత్తిడి కొంత బయట ఉంటుంది. కొట్టడం, ఎగతాళి, ఉద్యోగం నుంచి తీసేయడం, చట్టం. మిగతాది ఆ బయటి దాని నీడగా లోపల పెరుగుతుంది. ఎప్పుడు ఎవరు ఏమంటారోనని కాచుకుని ఉండటం, దాచుకోవడం, లోకం అన్న మాట నిజమేనేమోనని మనమే నమ్మేయడం. "నాకేమీ జరగలేదు" అన్నప్పుడు మీరు బయటి పద్దు ఒక్కటే చూసుకున్నారు.

పైగా ఈ ఒత్తిడి అందరికీ ఉండే ఒత్తిడి మీద అదనం. జీతం చాలకపోవడం, నాయనకు షుగర్, బండి ఈఎంఐ మీ పక్క సీటు వాడికీ ఉంటాయి. అవి మోస్తూనే మీరు ఇది కూడా మోస్తున్నారు. ఇంకో తేడా, ఇంట్లో కష్టమైతే అతను "ఇంట్లో గొడవగా ఉంది రా" అని టీ కొట్టు దగ్గర చెప్పుకుంటాడు. మీ కష్టం చెప్పుకోవాలంటే ముందు మీరెవరో చెప్పాలి.

కాచుకుని ఉండటం అనే దాని దగ్గర నేను ఒక తప్పు చేశాను, అది చెప్పాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో మీ వయసు అబ్బాయి ఒకడు వచ్చి, ఆఫీసులో అందరూ తన నడక చూస్తున్నారని అంటే, "నువ్వు ఎక్కువ ఊహించుకుంటున్నావు" అని నచ్చజెప్పబోయాను. చదువుకున్న పద్ధతి అదే, భయాన్ని తప్పుడు ఆలోచనగా చూసి సరిదిద్దడం. అతను మళ్ళీ రాలేదు. అతను చెప్పింది నిజం, నేనే నమ్మలేదు. లలిత విషయంలో ఆ తప్పు చేయలేదు. ఆమె డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఇద్దరమ్మాయిల సంగతి బయటపడింది. వాళ్ళలో ఒకరి ఇంటి నుంచి నడి సంవత్సరంలో కారు వచ్చింది. ఆ అమ్మాయి పెట్టె సర్దుకుంటుంటే కారిడార్లో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పరీక్షలు రాయలేదు. లలితకు అప్పుడు 19. తనను ఎవరూ ఏమీ అనలేదు నిజమే, కానీ ఏమవుతుందో కళ్ళారా చూసింది. ఆమె మెదడు భ్రమపడటం లేదు, నేర్చుకున్నది మరిచిపోవడం లేదు. కాకపోతే ఆ పాఠాన్ని అవసరం లేని చోట కూడా అప్పజెప్తోంది.

మూడింటికి మెలకువ ఎందుకొస్తుందో కూడా ఆ పుస్తకంలోనే దొరికింది. ఒక గురువారం ఓనరమ్మ మెట్ల దగ్గర, "ఏమ్మా, మీ ఇద్దురికీ పెండ్లి ఎప్పుడమ్మా? ఇట్లనే ఉండిపోతారా ఏంది?" అంది. పది సెకన్ల మాట. లలిత "చూస్తా ఉండారు అత్తమ్మా" అని పైకొచ్చేసింది. ఆ రాత్రి మూడు నుంచి ఆరు దాకా అదే. 'ఇద్దురికీ' అని ఎందుకంది? మొన్న బాల్కనీలో చూసిందా? ఇల్లు ఖాళీ చేయమంటుందా? దీన్ని మేం నెమరువేత అంటాం. ఆవు నెమరేస్తే మేత అరుగుతుంది, మనిషి నెమరేస్తే మనిషి అరుగుతాడు. ఇదే విషయాన్ని హాట్‌జెన్‌బ్యూలర్, ఆయనతో పనిచేసినవాళ్ళు పది రోజుల డైరీలతో పరీక్షించి 2009లో ప్రచురించారు. వివక్ష ఎదురైన రోజుల్లో నెమరువేత, భావాల్ని అణిచిపెట్టడం పెరిగాయి, ఆ నెమరువేతే మనోవేదనకు దారి తీసింది. దెబ్బ చిన్నదే కావచ్చు, దాని తోక పొడుగు.

మూడోది, లోకం మాటను నమ్మేయడం. దీని గురించి వేరే అబ్బాయి ద్వారా చెప్తాను, తిరుపతిలో పెరిగినవాడు. తొమ్మిదేళ్ళప్పుడు జబ్బు చేసి తగ్గితే వాళ్ళ జేజి మొక్కు ప్రకారం గంగమ్మ జాతరలో చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టి గుడికి తీసుకెళ్ళింది. దారిలో ఆడవాళ్ళు ఆగి మెటికలు విరిచారు. మగవాళ్ళు ఆడవేషం కట్టి గంగమ్మ ముందుకు పోవడం మనకు భక్తి, తరతరాలుగా. అదే వీధిలో పదిహేనేళ్ళప్పుడు ప్యాంటు చొక్కాలోనే నడిచిపోతుంటే వెనక నుంచి "ఆడంగి" అని కేక. బడిలో గేమ్స్ సార్ వరుస ముందుకు పిలిచి నడిపించి చూపించాడు. ఆ అబ్బాయి నాతో అన్న మాట, "చీర తప్పు కాదు మేడం, చీర కట్టినా దండం పెట్టారు. నేనే తప్పు." పదిహేనేళ్ళకు వచ్చిన ఆ తీర్పు ఇరవై ఎనిమిదేళ్ళకూ కొట్టివేయబడలేదు. తనతో ప్రేమగా ఉన్న మనిషిని చూస్తే అతనికి అసహ్యం వేసేది, తనలాంటి వాణ్ణి ఇష్టపడేవాడు మంచివాడెలా అవుతాడని. మీరు 'పుట్టుకతో బలహీనమా' అని అడిగారే, ఆ ప్రశ్నలో కూడా ఈ మూడోదాని చాయ ఉంది. అది మీరు కనిపెట్టిన ప్రశ్న కాదు, ఎవరో మీ చెవిలో వేసింది.

దాచుకునే వీలే లేనివాళ్ళ సంగతి వేరు. ట్రాన్స్ మహిళ ఆసుపత్రి ఓపీ క్యూలో నిలబడితే, కార్డు మీది పాత పేరు గట్టిగా పిలిచి, "ఇతనొచ్చాడు చూడు" అంటారు. లలిత తన నోటితో తప్పించుకుంటున్న ఆ క్రియ తోకే ఈమె మీద ఎదుటివాళ్ళు విసురుతారు. తను ఎవరో ఆ మనిషిగా గుర్తించకపోవడం అనే ఈ దెబ్బ మేయర్ మొదట గే పురుషుల మీద చేసిన పనిలో లేదు. 2012 తర్వాత ట్రాన్స్ మనుషుల కోసం విడిగా చేసిన పనిలో దాన్ని చేర్చారు. కాచుకుని ఉండటం వాళ్ళకూ ఉంది, ఏ బస్సెక్కాలి, ఏ టాయిలెట్‌కు పోవాలి అన్నంత దాకా. మీరు అడిగింది దాపరికం గురించి కాబట్టి అటే వెళ్తాను.

లలితకు ఏం చేశామో చెప్తాను. సైకియాట్రిస్టు డిప్రెషన్ మందు మొదలుపెట్టారు, ఆరు నెలలు వాడింది. 16 స్కోరుతో మాటలు ఒక్కటే సరిపోతాయని నేను అనను. మందు నిద్రను కొంత నిలబెట్టాక అసలు పని మొదలైంది.

179 గీతల్నీ ముందు వేసుకుని ఒక్కొక్కదానికీ ఒకటే ప్రశ్న: ఇక్కడ నిజం తెలిస్తే ఏమవుతుంది? వాళ్ళ నాయనకు తెలిస్తే ఉద్యోగం మానిపించి ఊరికి తీసుకుపోతారు, ఆ ప్రమాదం నిజం. ఓనరమ్మకు తెలిస్తే ఇల్లు పోవచ్చు, అదీ నిజమే. ఆ గీతలను నేను ముట్టుకోలేదు. అవి కవచం, జబ్బు కాదు. ల్యాబులో నలుగురి గురించి మాత్రం ఆమెకు నిజంగా తెలియదు, ఎప్పుడూ పరీక్షించలేదు. 88 గీతలు 'తెలియదు' మీద ఖర్చవుతున్నాయి.

పరీక్షించడం అంటే వెళ్ళి చెప్పేయడం కాదు. నలుగురిలో పెద్దామె ఒకరు, ఎవరి గురించీ చాడీలు చెప్పని మనిషి. లలిత ముందు తన గురించి కాకుండా 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒకే లింగం వాళ్ళ పెళ్ళి గురించి ఇచ్చిన తీర్పు మాట ఎత్తింది, పేపర్లో చదివినట్టుగా. ఆమె ఎలా స్పందిస్తుందో చూసింది. "పాపం, వాళ్ళ బతుకు వాళ్ళని బతకనీయొచ్చు కదా" అంది. రెండు వారాల తర్వాత, తమ బంధువులమ్మాయి అలాంటిదని ఒక మాట వేసింది. ఆ మాట మూడో మనిషికి చేరలేదని ఇంకో మూడు వారాలు చూసి నిర్ధారించుకుంది. మొత్తం అయిదు వారాలు. అప్పుడు చెప్పింది. ఆమె కాసేపు ఊరుకుని, "అందుకా 'అన్నారు, వచ్చారు' అనేది!" అని చెయ్యి పట్టుకుందట. మరునాటి నుంచి క్యారియర్ దగ్గర మాట దుబాయ్ వైపు మళ్ళితే ఆ పెద్దామే పక్కకు తిప్పేది. ఒక్క మనిషికి తెలియడంతో ఆ అరగంట కాపలాకు ఇద్దరయ్యారు.

మూడింటి మెలకువకు విడిగా పని చేశాం. మెలకువ వచ్చి పావుగంట దాటితే మంచం దిగి హాల్లో కూర్చోవాలి, తలలో తిరుగుతున్న ప్రశ్నను ఒక్క వాక్యంగా కాగితం మీద రాయాలి, జవాబు వెతకడం రేపు సాయంత్రం ఆరున్నరకు. సాయంత్రం ఇరవై నిమిషాలు దానికే. 'ఇద్దురికీ అని ఎందుకంది' అనే వాక్యం సాయంత్రం ఆరున్నరకు చదివితే దాని బలం సగానికి పడిపోయేది. కొన్నింటి బలం పడేది కాదు, అప్పుడు ఆ ఇరవై నిమిషాలు నిజమైన పని చేసేవాళ్ళం: ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే అడ్వాన్సుకు ఎంత కావాలి, ఎవరి ఇంట్లో వారం ఉండొచ్చు.

సంక్రాంతికి ముందు మళ్ళీ వారం గీతలు వేయించాను. 74. ల్యాబులో 88 కాస్తా 20 అయ్యాయి. అమ్మ ఫోన్ 41 నుంచి 38, అంటే దాదాపు కదల్లేదు. పీహెచ్‌క్యూ స్కోరు 8. ఉగాదికి ఊరెళ్తే పెళ్ళిచూపులు పెట్టారు, తిరిగి వచ్చేసరికి 13. మళ్ళీ 9కి రావడానికి రెండు నెలలు పట్టింది. పలమనేరు బస్సెక్కే రోజు దవడ నొప్పి ఇప్పటికీ వస్తుంది. వైద్యం నాయన్ని మార్చలేదు, మార్చగలదని నేను చెప్పలేదు కూడా.

అందుకని మీరు ఇది చదివి రేపే ఇంట్లో చెప్పేయాలని అనుకోకండి. బయటపెడితే బరువు దిగుతుందని అందరూ అనుకుంటారు, లెక్కలు అంత సూటిగా లేవు. జాన్ పచాంకిస్, తోటివారు కాలిఫోర్నియా జనం మీద చేసి 2015లో వేసిన అధ్యయనంలో, దాచుకున్న పురుషులకంటే బయటపెట్టిన పురుషుల్లోనే డిప్రెషన్ ఎక్కువగా కనిపించింది. స్త్రీలలో దీనికి ఉల్టా. దాచుకుంటే లోపలి పద్దు పెరుగుతుంది, చెప్తే బయటి పద్దు పెరగొచ్చు. జీతం ఎవరి చేతిలో ఉంది, ఇల్లు ఎవరిది, చెప్పాక ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఇవి తేలకుండా చెప్పమని సలహా ఇచ్చే కౌన్సెలర్‌ను నమ్మకండి.

ఇంకొక జాగ్రత్త. అన్నిటినీ ఈ ఖాతాలో వేయొద్దు. మైనారిటీ స్ట్రెస్ నుంచి వచ్చే బాధ సాధారణంగా చోటును బట్టి, మనుషుల్ని బట్టి ఎక్కువ తక్కువ అవుతుంది. మీ సంగతి తెలిసిన స్నేహితుడితో చెన్నైలో రెండు రోజులు ఉంటే నిద్ర పడుతోందా? పుత్తూరు బస్సు దిగగానే కడుపు పట్టేస్తోందా? అలా అయితే దారి అటే. ఎక్కడికెళ్ళినా, ఎవరితో ఉన్నా ఒకేలా చీకటిగా ఉంటే డిప్రెషన్ సొంతంగా వేళ్ళు దన్నిందని అర్థం, మొదలైంది ఒత్తిడి వల్లే అయినా సరే. రెండేళ్ళు అంటున్నారు కాబట్టి థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ ఒకసారి చూపించుకోండి, తర్వాత సైకియాట్రిస్టును కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే ఆగకండి, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు, ఏ వేళైనా తీస్తారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు ఫోన్లోనే అడిగేయండి: "నేను గే. దాన్ని మార్చడానికి రావడం లేదు, నిద్ర కోసం, డిప్రెషన్ కోసం వస్తున్నాను. చూస్తారా?" ఒక్క క్షణం తటపటాయించి "పెళ్ళయితే సర్దుకుంటుంది" అన్నా, "మార్చే చికిత్స ఉంది" అన్నా అక్కడితో ఫోన్ పెట్టేయండి. గే కావడం జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే ప్రకటించింది. మార్చడానికి చేసే చికిత్సను వృత్తిపరమైన తప్పుగా నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో తేల్చింది. మీరు డాక్టరుకు చెప్పింది ఇంటికి చేరుతుందన్న భయం ఉంటే, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మీ సమాచారాన్ని గోప్యంగా ఉంచే హక్కు మీకిచ్చింది. 26 ఏళ్ళ మనిషి సంగతి అమ్మానాన్నలకు అడగకుండా చెప్పడానికి డాక్టరుకు మామూలుగా హక్కు లేదు, ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి వేరు. తోడుగా ఇంట్లోవాళ్ళను తీసుకెళ్తే మాత్రం వాళ్ళను బయట కూర్చోబెట్టి మాట్లాడాలని మీరే అడగాలి, మన దగ్గర ఆ అలవాటు ఇంకా సరిగా లేదు.

ఈలోపు ఒక వారం గీతలు వేయండి. ఫోన్లో వద్దు, ఎవరైనా చూస్తారన్న భయానికే ఇంకో గీత పడుతుంది. చిన్న కాగితం, జేబులో. గీత, పక్కన చోటు పేరుకు ఒక్క అక్షరం: ఆఫీసుకు ఆ, ఇంటికి ఇ, రూముకు రూ. ఆదివారం రాత్రి కూర్చుని ఒక్కో అక్షరం కింద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ కాగితం డాక్టరు దగ్గరికి మీతో పట్టుకెళ్ళండి.